ఆ రెండు కుర్చీలు ఎక్కడివి?

మూడు మూలల బల్లలు కొన్ని ఉన్నాయి. పొడుగ్గా, ఇరుగ్గా ఉన్న గదిలో వాటిని అంచుకు అంచు ఆనించి ఒకే వరసలో పేర్చాలి. ఒక్కో అంచు దగ్గర ఒక్కరే కూర్చోగలరు. ఒక్క బల్లే ఉంటే ముగ్గురికి చోటు. రెండు కలిపితే ఆరుగురు కాదు, నలుగురే పడతారు. ఆనుకున్న అంచుల దగ్గర కుర్చీ పట్టదు కదా. మూడు బల్లలకు ఐదుగురు, నాలుగింటికి ఆరుగురు. మరి పది బల్లలైతే? ఎన్ని బల్లలకైనా పనికొచ్చే సూత్రం ఏదైనా ఉందా?

2000ల తొలి ఏళ్ళలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు టీచర్లు నాలుగో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇచ్చారు. దానితోపాటు రెండు నిలువు గళ్ళున్న వర్క్‌షీటు కూడా ఇచ్చారు. ఒక గడిలో బల్లల సంఖ్య, పక్క గడిలో కుర్చీల సంఖ్య. పిల్లలు చకచకా నింపేశారు. 3, 4, 5, 6 అని వరసగా రాసుకుంటూ పోయారు. సూత్రం ఏమిటని అడిగితే బల్లల సంఖ్యకు రెండు కలపాలని చాలామంది చెప్పారు. జవాబు సరైనదే. మామూలు పద్ధతిలో చూస్తే పాఠం చక్కగా నడిచినట్టే. దిద్దితే అందరికీ మంచి మార్కులు వస్తాయి.

అయితే ఆ గదిలో టీచరు ఒక్కరే లేరు. ఆ పాఠాన్ని ఆమెతో కలిసి తయారుచేసిన తోటి టీచర్లు పిల్లల పక్కన నిలబడి, వాళ్ళు ఏం చేస్తున్నారో రాసుకుంటున్నారు. తర్వాత అందరూ కూర్చుని తమ కాగితాలు బయటపెట్టినప్పుడు అసలు సంగతి తేలింది. రెండు కలపాలని పిల్లలకు తెలుసు. ఆ రెండు ఎక్కడిదో తెలియదు. చాలామంది బల్లల వైపు చూడనే లేదు, గడిలోని అంకెల వైపే చూశారు. పై అంకెకు ఒకటి కలిపితే కింది అంకె వస్తోంది. అది కనిపెట్టాక బల్లలతో పనేముంది? పిల్లలు చేయవలసిన ఆలోచనను వర్క్‌షీటే చేసిపెట్టిందని టీచర్లకు అర్థమైంది. వాళ్ళు దాన్ని తీసేశారు. అదే లెక్కను, షీటు లేకుండా, జట్టులోని మరో టీచరు మరో తరగతిలో చెప్పారు. ఈసారి ఎలా రాసుకోవాలో పిల్లలే తేల్చుకోవాలి, ఎలా లెక్కపెట్టారో తోటివాళ్ళకు చెప్పాలి.

ఈ పద్ధతి పేరు లెసన్ స్టడీ. పుట్టిల్లు జపాన్. అక్కడ దాన్ని జుగ్యో కెంక్యూ అంటారు. కాలిఫోర్నియా పాఠాన్ని దగ్గరుండి చూసి, ‘హౌ మెనీ సీట్స్?’ అన్న పేరుతో వీడియోగా నలుగురికీ అందుబాటులోకి తెచ్చింది ఓక్లండ్‌లోని మిల్స్ కాలేజీకి చెందిన కేథరిన్ లూయిస్ బృందం. ఆమె జపాన్ ప్రాథమిక పాఠశాలలను ఏళ్ళ తరబడి చదివిన మనిషి.

జపాన్‌లో దీని మూలాలు 1870ల దాకా వెళతాయి. 1872లో ఆ దేశం కొత్త పాఠశాల వ్యవస్థను పెట్టుకుంది. తరగతి మొత్తానికి ఒకేసారి పాఠం చెప్పే పద్ధతి అప్పటికి అక్కడ కొత్త. టీచర్లను తయారుచేసే బడుల్లో ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు చూసి మాట్లాడుకునే అలవాటు అలా మొదలైంది. బయటి ప్రపంచానికి ఇది తెలియడానికి మాత్రం నూట పాతికేళ్ళు పట్టింది. జేమ్స్ స్టిగ్లర్, జేమ్స్ హీబర్ట్ 1999లో రాసిన ‘ది టీచింగ్ గ్యాప్’ పుస్తకంతో అమెరికా దీనివైపు చూసింది. ఆ పుస్తకంలోని లెసన్ స్టడీ అధ్యాయానికి ఆధారం మకోతో యోషిదా పరిశోధన. హిరోషిమా ప్రాంతంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకటో తరగతి టీచర్లు ఒకే ఒక తీసివేత పాఠాన్ని ఎలా తయారుచేశారో ఆయన మొదటినుంచి చివరిదాకా నమోదు చేశారు.

అది అప్పు తెచ్చుకుని తీసివేసే లెక్కల్లో మొదటి పాఠం. ఆ టీచర్లు చాలాసేపు చర్చించిన విషయాల్లో ఒకటి, మొదటి లెక్కలో ఏ అంకెలు వేయాలన్నది. బయటివాళ్ళకు ఇది చాదస్తంగా కనిపించవచ్చు. తీసివేత ఏదైనా తీసివేతే కదా, ఏ అంకెలైతే ఏమిటి? లెసన్ స్టడీలో అన్నిటికన్నా బరువైన పని ఇక్కడే ఉందని నా నమ్మకం. అందుకే కాసేపు ఈ అంకెల దగ్గరే ఉందాం.

పదమూడులోంచి తొమ్మిది తీయాలి. ఆరేళ్ళ పిల్లకు పది వేళ్ళున్నాయి, పదమూడు లేవు. వెనక్కి లెక్కపెడదామంటే పన్నెండు, పదకొండు, పది అంటూ తొమ్మిది అడుగులు వేయాలి. మధ్యలో తప్పిపోతుంది. అంత దూరం నడవడం ఇష్టంలేని పిల్ల వేరే దారి వెతుకుతుంది. తొమ్మిది పదికి పక్కనే ఉంది. పదమూడును పది, మూడుగా విడగొట్టి, పదిలోంచి తొమ్మిది తీసేస్తే ఒకటి మిగులుతుంది. దానికి పక్కన పెట్టిన మూడు కలిపితే నాలుగు. అంటే ముందు తీసివేత, తర్వాత కూడిక. అప్పు తెచ్చుకోవడంలోని అసలు ఆలోచన ఇదే.

ఇప్పుడు పన్నెండులోంచి మూడు తీయమందాం. పిల్ల పన్నెండు తర్వాత పదకొండు, పది, తొమ్మిది అని మూడే అడుగులు వెనక్కి వేసి జవాబు చెప్పేస్తుంది. పదిని విడగొట్టే అవసరమే రాదు. కాస్త ఆలోచించే పిల్లయితే ముందు రెండు తీసి పదికి చేరి, ఇంకొకటి తీస్తుంది. అంటే తీసివేత మీద తీసివేత. ఇదీ మంచి దారే, కానీ వేరే దారి. ఈ రెండు దారులకూ జపాన్ టీచర్ల దగ్గర వేర్వేరు పేర్లున్నాయి. మొదటిది గెన్‌కా-హో, రెండవది గెన్‌గెన్-హో.

పన్నెండులోంచి ఏడు అయితే? ఏడు పదికి మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. పిల్లలు రెండు దారుల్లోనూ వెళ్ళవచ్చు. ఏడు నుంచి పన్నెండు దాకా పైకి లెక్కపెట్టేవాళ్ళూ ఉంటారు. పద్ధతులన్నీ బోర్డు మీదికి రావాలి, పిల్లలు వాటిని పోల్చి చూసుకోవాలి అనుకుంటే ఈ అంకెలు మేలు. పదిలోంచి తీయడమనే ఒక్క దారినే గట్టిగా చూపాలనుకుంటే పదమూడు, తొమ్మిది మేలు. ఈ పాఠంలో మనకు ఏది కావాలన్నది టీచర్లు ముందు తేల్చుకోవాలి. అది తేలకుండా అంకెలు తేలవు.

ఇలా ఒక పాఠ్యాంశాన్ని లోపలికంటా తవ్వి చూడడాన్ని అక్కడ క్యోజాయ్ కెంక్యూ అంటారు. వేర్వేరు పాఠ్యపుస్తకాలు ఇదే విషయాన్ని ఎలా మొదలుపెట్టాయో చూస్తారు. పిల్లలు కిందటి తరగతిలో ఏం నేర్చుకొచ్చారో, వచ్చే తరగతిలో ఇది దేనికి ఆసరా అవుతుందో చూస్తారు. ఈ పని నుంచి పుట్టే లెసన్ ప్లాన్ మనకు అలవాటైన పీరియడ్ ప్లాన్ కన్నా చాలా పొడుగు, కొన్ని పేజీలు ఉంటుంది. ఆ యూనిట్‌లో ఈ పాఠం ఎందుకుందో అందులో రాస్తారు. తర్వాత గళ్ళు గీసి, ఒక గడిలో టీచరు అడగబోయే ప్రశ్నను అడగబోయే మాటల్లోనే రాస్తారు. పక్క గడిలో పిల్లలు ఏమంటారో ఊహించి రాస్తారు. సరైన జవాబులే కాదు, తప్పు జవాబులూ, సగం జవాబులూ. ఒక్కోదానికి టీచరు ఏం చేస్తారో ఇంకో గడిలో రాస్తారు.

ఈ ఊహల గడి ఖాళీగా ఉంటే మిగతాదంతా కూలిపోతుంది. బల్లల లెక్కనే తీసుకుని చూద్దాం. ఆ రెండు ఎక్కడిది అన్నదానికి పిల్లలు చెప్పగల సమాధానాలను ముందే ఊహిస్తే ఇలా ఉంటాయి. ఒక పిల్ల వరస చుట్టూ వేలు తిప్పుతూ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, బల్ల చేర్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి. ఇంకో పిల్ల కొత్త బల్ల చేరితే ఒక కుర్చీ పెరుగుతుందని చూస్తుంది, ఎందుకో చెప్పదు. మరో పిల్ల ప్రతి బల్లకూ బయటికి ఒక అంచు ఉందని, ఒకదానికి పైకి, దాని పక్కదానికి కిందికి ఉందని గమనిస్తుంది. అవి కాక వరసకు ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు. ఆ రెండు కుర్చీలు అవే. ఇంకా గడుసు పిల్ల వేరేగా వస్తుంది. బల్లకు మూడు చొప్పున అన్నీ లెక్కవేసి, ఆనుకున్న చోటల్లా రెండేసి తీసేస్తుంది. పది బల్లలకు ముప్పై, ఆనుకున్న చోట్లు తొమ్మిది, కాబట్టి పద్దెనిమిది పోతే పన్నెండు. బల్లల సంఖ్యకు రెండు కలిపినా పన్నెండే.

ఇంత ముందే రాసుకున్న పరిశీలకుడికి తరగతిలో చూడవలసినది ఏదో తెలుస్తుంది. పిల్ల వేలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది? కొసల దగ్గర ఒక్క క్షణం నిలిచిందా? కొత్త బల్ల పెట్టాక మొదటినుంచి లెక్కపెట్టిందా, ఒకటి మాత్రం కలిపిందా? ముందుగా ఏమీ ఊహించుకోనివాడికి ఇవి కళ్ళెదుట జరిగినా కనపడవు. సూత్రం చెప్పారు, శభాష్ అని రాసుకుని వచ్చేస్తాడు. ఆ సూత్రం నిజంగా పిల్లకు అందిందో లేదో తేల్చడానికి చిన్న పరీక్ష ఒకటి ఉంది. మూడు మూలల బల్లలకు బదులు నాలుగు మూలల బల్లలు ఇవ్వడమే. కొసల సంగతి తెలిసిన పిల్ల, ఇప్పుడు బల్లకు పైనొకటి కిందొకటి, కొసలకు మళ్ళీ రెండే అంటుంది. అంకెల వరస చూసి సూత్రం పట్టిన పిల్ల మళ్ళీ గళ్ళు గీసుకోవాలి.

పరిశోధన పాఠం రోజున పరిశీలకులకు కొన్ని కట్టుబాట్లు ఉంటాయి. లెసన్ ప్లాన్, పిల్లలు ఎవరెక్కడ కూర్చున్నారో చూపే పటం చేతికిస్తారు. వెనక వరసలో కుర్చీ వేసుకుని టీచరును చూడడం కుదరదు. పిల్లల మధ్యకు వెళ్ళాలి. పిల్ల తప్పు చేస్తున్నా దిద్దకూడదు, సైగ కూడా చేయకూడదు. టీచరుగా బతికిన మనిషికి ఇది చాలా కష్టం. చెయ్యి దానంతటదే పిల్ల పలక మీదికి పోతుంది. కానీ మనం ఒక్క మాట సాయం చేస్తే, ఆ తర్వాత ఆ పిల్ల చేసినదేదీ పాఠం వల్ల జరిగిందని చెప్పలేం.

ఎంతమంది పిల్లలను చూడాలన్నది ఇంకో చిక్కు. నలభై మందినీ చూడబోతే ఎవరినీ చూడనట్టే. ఇంగ్లండ్‌లో పీట్ డడ్లీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో జట్టు ముందే ముగ్గురు పిల్లలను ఎంచుకుంటుంది. ఒక్కొక్కరు తరగతిలోని ఒక్కో రకం పిల్లలకు ప్రతినిధి. పాఠంలో ప్రతి దశలో ఆ ముగ్గురూ ఏం చేస్తారో రాసుకుంటారు, జరిగినదాన్ని పక్కన రాస్తారు, పాఠం అయ్యాక ఆ పిల్లలతో మాట్లాడతారు కూడా. బడిలో ముగ్గురు టీచర్లే ఉన్నచోట ఇది ఆచరణకు దగ్గరగా ఉంటుంది. ఒక పిల్లను మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా వదలకుండా చూసిన టీచరుకు, ఎప్పుడూ బోర్డు దగ్గర నిలబడేటప్పుడు దొరకనిది ఒకటి దొరుకుతుంది. పిల్ల ఎప్పుడు తెగిపోయిందో తెలుస్తుంది. మనం ప్రశ్న అడిగిన క్షణంలోనా, పక్కపిల్ల జవాబు అరిచేసిన క్షణంలోనా, బోర్డు తుడిచేసిన క్షణంలోనా అన్నది గంట తర్వాత దిద్దే నోటుబుక్కులో ఉండదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ ఉపాధ్యాయులకు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు కొత్తకాదు. 1980లలో బ్రిటన్ సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నాటి టీచర్స్ సెంటర్ల నుంచి, చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట కూడడం, ఒకరు మాదిరి పాఠం చెప్పడం, మిగతావాళ్ళు చూడడం మనకు తెలుసు. అంటే గది, మనుషులు, పాఠం, పిల్లలు అన్నీ మన దగ్గర ఉన్నాయి. తేడా పాఠం అయిపోయాక నడిచే మాటల్లో ఉంది. మాదిరి పాఠం తర్వాత మామూలుగా వినపడేవి ఎలా ఉంటాయి? మేడమ్ చాలా ఓపిగ్గా చెప్పారు, టీఎల్‌ఎం బాగుంది, బోర్డు మీద అక్షరాలు కాస్త పెద్దవైతే వెనకవాళ్ళకు కనపడేవి, పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. ఇవన్నీ టీచరు గురించిన మాటలు. చివరిది పిల్లల గురించినదిలా కనిపిస్తుంది గానీ, ఎవరు, ఎప్పుడు, ఏం చేశారని అడిగితే నిలబడదు.

పరిశోధన పాఠం తర్వాత వినపడవలసిన మాట వేరు. ఉదాహరణకు ఒకరు ఇలా అనవచ్చు: ‘కిటికీ పక్క రెండో బెంచీలోని పాప నాలుగు బల్లలకు ఆరు అని రాసింది. ఐదో బల్ల పెట్టకుండానే ఏడు రాసింది. ఎలా వచ్చిందని పక్కపిల్ల అడిగితే పైనున్న అంకెలు చూపించింది. బల్లలు చూపించలేదు.’ ఇందులో మెచ్చుకోలు లేదు, తప్పుపట్టడం లేదు. కానీ దీని మీద నలుగురు కూర్చుని మాట్లాడవచ్చు. ఇంకొకరు తమ వైపు కూడా అలాగే జరిగిందనో, తన ఎదుట కూర్చున్న బాబు మాత్రం కొసలు చూపించాడనో చెప్పవచ్చు. అప్పుడు ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆ బాబుకు కనిపించినది ఈ పాపకు ఎందుకు కనిపించలేదు? మనం ఇచ్చిన కాగితం ఆమె చూపును ఎటు తిప్పింది?

జపాన్‌లో ఈ చర్చకు ఒక వరస ఉంది. మొదట మాట్లాడేది పాఠం చెప్పిన టీచరే. ఏది అనుకున్నట్టు జరిగింది, ఏది జరగలేదు అన్నది మొదట చెప్పే హక్కు ఆయనది. తర్వాత జట్టులోని వాళ్ళు, ఆ తర్వాత మిగతా పరిశీలకులు. ఒకరు చర్చను నడుపుతారు, ఒకరు రాసుకుంటారు. చివర్లో బయటినుంచి పిలిచిన అనుభవజ్ఞులు, ఆ పాఠ్యాంశం బాగా తెలిసినవాళ్ళు మాట్లాడతారు. వాళ్ళను కోషి అంటారు. యూనివర్సిటీ ఆచార్యులు కావచ్చు, రిటైరైన హెడ్మాస్టరు కావచ్చు. ఆ రోజు కనిపించినదాన్ని పట్టుకుని అందులోని గణితాన్నో, భాషనో ఇంకో మెట్టు లోపలికి చూపించడం వాళ్ళ పని. ఈ మనిషి లేకపోతే జట్టుకు ముందే తెలిసినదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది. షికాగోలోని డిపాల్ యూనివర్సిటీలో పనిచేసిన అకిహికో తకహాషి ఈ విషయాన్ని గట్టిగా చెబుతూ వచ్చారు. జపాన్ దాటి వెళ్ళిన చోట్ల లెసన్ స్టడీలోంచి ముందు జారిపోయేవి రెండని ఆయన అంటారు. ఒకటి పాఠ్యాంశాన్ని తవ్వే పని, రెండవది ఈ బయటి మనిషి.

వరస కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ పాఠం చెప్పినవాళ్ళది కాదు, తయారుచేసిన అందరిదీ. కాలిఫోర్నియాలో వర్క్‌షీటు బెడిసికొట్టినప్పుడు తలదించుకోవలసిన మనిషి ఎవరూ లేరు. షీటు అందరూ కలిసి తయారుచేసినదే. చెప్పిన టీచరును తప్పుపడితే తర్వాత ఎవరూ చెప్పడానికి ముందుకు రారు, వచ్చినా భద్రమైన పాఠమే ఎంచుకుంటారు. పిల్లలకు ముందే ఒకసారి చెప్పి, జవాబులు అలవాటు చేయించి, అందరి ఎదుట మళ్ళీ చెప్పే పాఠం ఎక్కడైనా కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవడం తేలిక. పిల్లలెవరూ తప్పు చెప్పరు, ఎవరూ ఆలస్యం చేయరు, ఊహల గడిలోని తప్పు జవాబులు ఒక్కటీ రావు. అటువంటి పాఠం చూడడానికి నలుగురు టీచర్లు సగం రోజు వెచ్చించడం దండగ. టీచరుకు నిజంగా అంతుపట్టని చోటును ఎంచుకున్నప్పుడే పరిశోధన పాఠానికి పని ఉంటుంది. పిల్లలు ఏటా జారిపోయే చోటు ప్రతి టీచరుకూ తెలుసు. అయిదో తరగతిలో భిన్నాల దగ్గరో, మూడో తరగతిలో మూడంకెల తీసివేతల మధ్యలో సున్నా వచ్చినప్పుడో.

ఇన్ని గంటలు పెడితే పిల్లల చదువు నిజంగా మెరుగుపడుతుందా? దీనికి రెండు పెద్ద ప్రయోగాలు ఎదురెదురు జవాబులిచ్చాయి.

ఇంగ్లండ్‌లో దాదాపు 180 ప్రాథమిక పాఠశాలలతో జరిగిన ప్రయోగం ఫలితం 2017లో వచ్చింది. కొన్ని బడులు లెసన్ స్టడీ చేశాయి, కొన్ని చేయలేదు. ఏ బడి ఏ జట్టులో పడాలన్నది యాదృచ్ఛికంగా తేల్చారు. చివరికి ప్రాథమిక దశ ముగింపులోని చదవడం, లెక్కల పరీక్షల్లో రెండు జట్ల పిల్లల మధ్య తేడా కనిపించలేదు. లెసన్ స్టడీ చేయని జట్టులోనూ కొన్ని బడులు అలాంటి పనులే సొంతంగా చేస్తున్నాయన్న సంగతి కూడా బయటపడింది. అయినా ఆ ఫలితాన్ని పక్కకు నెట్టకూడదు. పాఠాలను కలిసి తయారుచేసి, కలిసి చూసినంత మాత్రాన పిల్లల మార్కులు పెరుగుతాయన్న భరోసా లేదు.

రెండవది అమెరికాలో కేథరిన్ లూయిస్, రెబెక్కా పెరీ చేసినది. ఆ ఫలితం కూడా 2017లోనే అచ్చయింది. 39 టీచర్ల జట్లను యాదృచ్ఛికంగా విడదీసి, కొన్ని జట్లకు భిన్నాల మీద ఒక సామగ్రి పెట్టె పంపారు. అందులో జపాన్ పాఠ్యపుస్తకాలు భిన్నాలను ఎలా మొదలుపెడతాయో ఉంది. ముక్కలు కోసిన రొట్టె బొమ్మ దగ్గర ఆగిపోకుండా, ఒక మీటరు పొడవును కొలిచేటప్పుడు మిగిలిపోయిన ముక్కను ఏమనాలి అన్న ప్రశ్నతో భిన్నాన్ని సంఖ్యగా చూపే దారి అది. టీచర్లు మొదట తామే ఆ లెక్కలు చేసి, పిల్లల జవాబుల నమూనాలు చదివి, తర్వాత తమ పాఠాలు తయారుచేసుకున్నారు. ఈ జట్లలో టీచర్ల భిన్నాల జ్ఞానమూ పెరిగింది, పిల్లలదీ పెరిగింది. వేరే అంశం మీద సొంతంగా లెసన్ స్టడీ చేసిన జట్లలో అంత పెరుగుదల కనిపించలేదు.

నేను ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదువుతాను. ఇంగ్లండ్ బడుల్లో టీచర్లు కలిశారు, పిల్లలను చూశారు, మాట్లాడుకున్నారు. అమెరికా జట్లు కూడా అదే చేశాయి. కానీ వాళ్ళ బల్ల మీద నమిలి చూడదగిన గణితం ఉంది. పదమూడు, తొమ్మిది అంకెల మీద వాదించుకోగలిగే సరుకు లేకపోతే, పరిశీలన ఎంత నిశితంగా ఉన్నా అది వచ్చి కలిసే చోటు ఉండదు. రెండు ప్రయోగాలూ ఒకే దేశంలో, ఒకే అంశం మీద జరగలేదు గనుక ఇది నా చదువరితనమే, రుజువు కాదు. అయినా మన దగ్గర ఎవరైనా మొదలుపెడితే సమావేశాల సంఖ్య కన్నా ముందు ఈ సరుకు గురించి ఆలోచించమంటాను. అది డైట్ నుంచి రావచ్చు, పాత పాఠ్యపుస్తకాల నుంచి రావచ్చు, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారి నుంచి రావచ్చు.

సమయం పెద్ద అడ్డంకి. జపాన్ ప్రాథమిక పాఠశాలలో ఒక పీరియడ్ 45 నిమిషాలు. పాఠం తర్వాత చర్చ దానికన్నా ఎక్కువసేపు నడుస్తుంది. పాఠానికి ముందు తయారీకి వారాలు పడుతుంది. అందుకే ఒక బడిలో ఒక ఏడాదికి ఇటువంటి పాఠాలు కొన్నే ఉంటాయి. మిగతా రోజుల్లో పాఠాలు మామూలుగానే సాగుతాయి. పరిశోధన పాఠం ఉన్న రోజున బడి ఒక చిన్న ఏర్పాటు చేసుకుంటుంది. మిగతా తరగతుల పిల్లలను తొందరగా ఇంటికి పంపి, ఆ ఒక్క తరగతిని మాత్రం ఉంచుతారు. అప్పుడు హెడ్మాస్టరుతో సహా టీచర్లందరూ ఆ గదిలో ఉండగలుగుతారు. ఒకే ఇద్దరు టీచర్లున్న మన ఊరి బడిలో ఇది కుదరదు. కాంప్లెక్స్ సమావేశం రోజున, ఆ ఊరి పిల్లలు బడిలో ఉండగా కుదురుతుంది. అయితే పాఠం ఆ రోజు పుట్టకూడదు. ముందు సమావేశంలోనే అంశం తేలాలి. రెండు మూడు బడుల టీచర్లు మధ్యలో ఒకటి రెండుసార్లు కలిసో, ఫోన్లలోనో ఊహల గడి నింపుకోవాలి. ఇరవై మంది పిల్లల తరగతికి ఆరుగురు పరిశీలకులు ఉంటే ఒక్కొక్కరికి ముగ్గురు నలుగురు పిల్లలు వస్తారు. మిగతావాళ్ళు తమ వంతు వచ్చినప్పుడు చూస్తారు. చర్చ మొదలయ్యేముందు ప్రతి పరిశీలకుడూ తాను చూసిన పిల్ల పేరు, ఆమె రాసినదీ అన్నదీ, అది ఊహల గడిలో ఉందో లేదో ఒక్క పేజీలో రాసి ముందుంచాలి. ఆ పేజీలు బోర్డు పక్కన అంటించాకే పాఠం చెప్పిన టీచరు మాట్లాడడం మొదలుపెట్టాలి.